ఖాళీ లాట్ నుంచి శాంపిల్ తీయమన్న ప్రోగ్రాం: ఒక గుంటూరు కోల్డ్ స్టోరేజీ కేసు

నేను ఉండేది విజయవాడలో, పని ఎక్కువగా గుంటూరు వైపు. కోల్డ్ స్టోరేజీలు, మిర్చి కమిషన్ వ్యాపారులు, చిన్న ఎక్స్‌పోర్టర్లు, వీళ్ళకి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంటాను, ఎవరో రాసి వదిలేసినవి బాగుచేస్తుంటాను. ఈ కేసు రెండో రకం. పేర్లు, ఊరి వివరాలు తీసేశాను, అంకెలు కొంచెం మార్చాను, కానీ తప్పు ఎక్కడుందో, ఎలా దొరికిందో మాత్రం జరిగింది జరిగినట్టే. ప్రిఫిక్స్ సమ్, బైనరీ సెర్చ్ ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టిన వాళ్ళకి ఇందులో ఎక్కువ పని ఉంటుందని నా అనుమానం.

అసలు వ్యవహారం ఏంటంటే

ఒక ఎక్స్‌పోర్టర్ సరుకు ఒక కోల్డ్ స్టోరేజీలో నాలుగు ఛాంబర్లలో ఉంది. మిర్చి లాట్లవారీగా వస్తుంది. ఒక రైతు దగ్గర కొన్నది ఒక లాట్, దానికో నంబరు, ఇన్ని టిక్కీలు, అంటే ఇన్ని బస్తాలు అని. ఒక లాట్‌లో 150 టిక్కీలు ఉండొచ్చు, ఇంకోదాంట్లో మూడే ఉండొచ్చు. రోజూ పొద్దున ఒక్కో ఛాంబర్ నుంచి ఐదు బస్తాలు ఎంచి, హమాలీల ముఠా వాళ్ళతో కుట్టు విప్పించి, శాంపిల్ తీసి తేమకీ, బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్‌కీ పరీక్షకు పంపాలి. ఏ బస్తాలనేది మనిషి ఎంచితే దగ్గర్లో ఉన్నవే తీస్తాడు కాబట్టి ఆ ఎంపిక ప్రోగ్రాం చేయాలి, పెద్ద లాట్‌కి దాని బస్తాలకు తగ్గట్టు ఎక్కువ అవకాశం, చిన్న లాట్‌కి తక్కువ. అంటే 150 టిక్కీల లాట్ మూడు టిక్కీల లాట్‌కన్నా 50 రెట్లు ఎక్కువగా పడాలి.

దీనికి వాడే పద్ధతి తెలిసిందే. లాట్ల బస్తాలను వరసగా కూడుతూ పోతే ఒక మొత్తాల వరస వస్తుంది, అదే ప్రిఫిక్స్ సమ్. మొత్తం బస్తాలు `T` అనుకుంటే ఒక యాదృచ్ఛిక సంఖ్య `r` తీసి, అది ఆ వరసలో ఏ లాట్ వాటాలో పడిందో బైనరీ సెర్చ్‌తో వెతుకుతాం. వరస తయారీకి లాట్లన్నిటి మీద ఒక్కసారి నడిస్తే చాలు, ఆ తరవాత ఒక్కో ఎంపికకి 60 లాట్ల మీద ఆరు పోలికలు. కోడ్ ఇంతే ఉంది:

```python
def pick(prefix):
    r = random.randrange(prefix[-1])
    return bisect.bisect_left(prefix, r)
```

రెండు లైన్లు, చూడగానే సరిగ్గానే ఉన్నట్టుంది కదా. అంతకుముందు పనిచేసిన డెవలపర్ రాసి వెళ్ళిపోయాడు, దాదాపు ఒక సీజన్ అంతా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఫిర్యాదు

స్టోరేజీ మేనేజర్ గారు ఫోన్ చేసి అన్న మాట ఇది: "ఏందండీ మీ కంప్యూటరు, ఖాళీ అయిపోయిన లాట్ దగ్గరికి పంపిస్తోంది మా వాళ్ళని? చలిలో పైర్యాక్ దాకా ఎక్కి చూస్తే అక్కడ ఒక్క టిక్కీ లేదు."

కంప్యూటరు నాది కాదని చెప్పే అవకాశం ఇవ్వలేదు. సరే, ఎప్పటినుంచి అని అడిగితే, సీజన్ మొదట్లో ఎప్పుడూ రాలేదట, ఈమధ్య నెలకోసారి వస్తోందట. దాంతోపాటు ఎక్స్‌పోర్టర్ మనిషిది ఇంకో గొణుగుడు ఉంది, పెద్ద లాట్లకి పడాల్సినన్ని శాంపిళ్ళు పడట్లేదని. అది లెక్క కట్టి చెప్పిన మాట కాదు, రోజూ షీట్లు చూసే మనిషికి కలిగిన అనుమానం. ఇలాంటి అనుమానాల్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే అంకెలతో నిత్యం మెలిగేవాళ్ళకి కారణం తెలియకముందే తేడా తెలుస్తుంది.

సున్నా బస్తాలున్న లాట్ జాబితాలో ఎందుకుంది అన్నది మొదటి ప్రశ్న. సరుకు మొత్తం వెళ్ళిపోయినా అద్దె లెక్క తేలేదాకా లాట్ మూసెయ్యరు, అందుకే బస్తాలు 0 అని టేబుల్లో అలాగే ఉంటుంది. ఇది తప్పేం కాదు. వెయిట్ సున్నా అయితే అవకాశమూ సున్నా కావాలి, పద్ధతి సరిగా ఉంటే సున్నా లాట్లు జాబితాలో ఉన్నా నష్టం లేదు. కాబట్టి సున్నా లాట్ పడిందంటే జబ్బు జాబితాలో లేదు, ఎంచే చోట ఉంది.

నేను వెళ్ళేసరికే చేసి చూసినవి

స్టోరేజీలో కంప్యూటర్ చూసుకునే కుర్రాడు ఒకడున్నాడు, చురుకైనవాడు. నన్ను పిలిచేలోపే రెండు మందులు వేశాడు.

మొదటిది, `bisect_left` తీసి `bisect_right` పెట్టాడు, నెట్‌లో ఎక్కడో అలా ఉందని. కానీ అక్కడి కోడ్‌లో యాదృచ్ఛిక సంఖ్య 1 నుంచి మొదలవుతోందని దాన్ని కూడా `random.randint(1, T)` చేశాడు. ఖాళీ లాట్ రావడం ఆగిపోయింది, బదులుగా అప్పుడప్పుడూ `IndexError` వచ్చి షీట్ ప్రింట్ అవ్వడం ఆగిపోయింది. కారణం సులువు. `r` సరిగ్గా `T` అయినప్పుడు దానికన్నా పెద్ద మొత్తం వరసలో లేదు, కాబట్టి సెర్చ్ ఆఖరి లాట్ కూడా దాటి బయటికి పోతుంది. దానికి అతను వేసిన అతుకు `min(i, n-1)`, అంటే బయటికి పోతే ఆఖరి లాట్‌కే ఇచ్చెయ్. ఎర్రర్ పోయింది. ఇక్కడ నేను చాలామందిని చూశాను, ఎర్రర్ పోతే తప్పు పోయిందనుకుంటారు. నిజానికి జరిగింది ఏంటంటే మొదటి లాట్‌కి దక్కాల్సిన ఒక బస్తా అవకాశం ఆఖరి లాట్‌కి వెళ్ళింది. పైగా ఇంతకుముందు తప్పు జరిగితే గోల వినిపించేది, ఇప్పుడు నిశ్శబ్దంగా జరుగుతోంది.

అది అతనికే నచ్చక పాత కోడ్‌కి తిరిగొచ్చి, రెండో మందుగా సున్నా లాట్లను ముందే ఏరేశాడు. ఈసారి ఎర్రర్ లేదు, ఖాళీ లాటూ లేదు. ఊరికే నమ్మకుండా ఒక ఛాంబర్ మీద పదివేల సార్లు తిప్పి లెక్కపెట్టాడు కూడా. మొత్తం 600 బస్తాల్లో మొదటి లాట్‌కి 40 ఉంటే, అది 667 సార్లు రావాలి, 683 వచ్చింది. ఆఖరి లాట్‌కి 30 ఉంటే 500 రావాలి, 483 వచ్చింది. "దగ్గర్లోనే ఉంది కదన్నా" అన్నాడు.

దగ్గర్లోనే ఉంది. పదివేల ఎంపికల మీద 667కి అటూఇటూ 25 వరకు తేడా రావడం మామూలే, యాదృచ్ఛికం అంటేనే అది. కాబట్టి ఆ అంకెలు చూసి ఎవరైనా సరే అనే అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. తప్పు ఉన్నా లేకపోయినా ఒకేలా కనిపించే పరీక్ష అది. మొదటి లాట్‌కి 600లో 40కి బదులు 41 వస్తోందని ఇలా తిప్పి తేల్చాలంటే లక్షల్లో తిప్పాలి, తిప్పినా చివరికి "అనుమానంగా ఉంది" అనేదాకే వస్తాం.

ఆధారం షీట్లలోనే దొరికింది

నేను కోడ్ ముట్టుకోకముందు పాత ప్రింట్ షీట్లు తెప్పించుకున్నాను. ఖాళీ లాట్ పడిన ప్రతి షీట్ పక్కన ఆ రోజు స్టాకు జాబితా పెట్టి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, దారితప్పి పడిన లాట్ ఎప్పుడూ ఆ ఛాంబర్ జాబితాలో మొట్టమొదటిదే. మొదటి మూడు లాట్లూ ఖాళీగా ఉన్న రోజు కూడా పడింది మొదటిదే, రెండోదీ మూడోదీ కాదు. మధ్యలో ఖాళీ అయిన లాట్లు ఒక్కసారి కూడా పడలేదు. జాబితా వచ్చిన తేదీ ప్రకారం ఉంటుంది, పాత సరుకు ముందు బయటికి వెళ్తుంది, కాబట్టి సీజన్ గడిచేకొద్దీ సున్నాలు జాబితా మొదట్లో పేరుకుంటాయి.

రెండోది, సరుకు తగ్గేకొద్దీ ఇది ఎక్కువైంది. ఛాంబర్లో 2,500 బస్తాలున్నప్పుడు లేదు, 600కి దిగాక నెలకోసారి. నాలుగు ఛాంబర్లకి రోజుకి 20 ఎంపికలు. ఒక్కో ఎంపికకి 600లో ఒక్క వంతు చొప్పున తప్పు జరిగితే 30 రోజులకోసారి పడాలి. మేనేజర్ గారు చెప్పిందీ అదే. అంటే తప్పు ఎంత పెద్దదో కూడా తెలిసిపోయింది, సరిగ్గా ఒక్క `r` విలువ. ఎక్కడో ఒక అంచు దగ్గర ఒక్క సంఖ్య పక్కింట్లో పడుతోంది.

ఇక్కడిదాకా వచ్చాక కోడ్‌లో చూడాల్సినవి రెండే. `r` ఎక్కడినుంచి ఎక్కడిదాకా వస్తుంది, సరిగ్గా అంచు మీద పడినప్పుడు సెర్చ్ దాన్ని ఎడమ లాట్‌కి ఇస్తుందా కుడి లాట్‌కి ఇస్తుందా.

చేత్తో ఒకసారి

ఆ కుర్రాడికి చూపించడానికి షీట్ వెనక్కి తిప్పి నాలుగు లాట్లు వేశాను, బస్తాలు 0, 3, 5, 1. కూడుతూ పోతే మొత్తాల వరస 0, 3, 8, 9. `T` అంటే 9. `randrange(9)` ఇచ్చేది 0 నుంచి 8 దాకా, 9 రాదు.

`bisect_left` చెప్పేది "`r`కి సమానమైన లేదా అంతకన్నా పెద్దదైన మొదటి మొత్తం ఎక్కడుందో". `r` 0 అయితే వరసలో మొదటిదే 0, సమానం, కాబట్టి జవాబు మొదటి లాట్. ఒక్క బస్తా కూడా లేని లాట్. అదీ మన ఖాళీ లాట్ సంగతి. తరవాత 1, 2, 3 రెండో లాట్‌కి వెళ్తాయి, మూడు, సరిపోయింది. 4 నుంచి 8 దాకా మూడో లాట్‌కి, ఐదు, అదీ సరిపోయింది. నాలుగో లాట్ రావాలంటే `r` 9 కావాలి, 9 ఎప్పటికీ రాదు. ఒక్క టిక్కీ పెట్టిన ఆ రైతు సరుకు సీజన్ అంతా శాంపిల్‌కి రాదన్నమాట.

ఇప్పుడు అతని రెండో మందు. సున్నా తీసేస్తే 3, 5, 1, వరస 3, 8, 9. అదే `bisect_left`. 0 నుంచి 3 దాకా మొదటి లాట్‌కి, అంటే నాలుగు. 4 నుంచి 8 దాకా రెండోదానికి ఐదు. ఆఖరిదానికి ఏమీ లేదు. ఖాళీ లాట్ కనబడకుండా పోయింది కానీ దానికి పోయిన వంతు ఇప్పుడు పక్క లాట్‌లో చేరింది, ఆఖరి లాట్ నష్టం అలాగే ఉంది. ఫిర్యాదు చేయడానికి ఇప్పుడు ఎవరికీ కారణం కనిపించదు, అందుకే ఈ మందు మొదటిదానికన్నా ప్రమాదం.

సరైన జోడీలు రెండున్నాయి. `r` 0 నుంచి `T-1` దాకా అయితే `bisect_right`, అంటే `r` కన్నా ఖచ్చితంగా పెద్దదైన మొదటి మొత్తం. `r` 1 నుంచి `T` దాకా అయితే `bisect_left`. పాత డెవలపర్ కోడ్‌లో మొదటి జోడీలోని సంఖ్య, రెండో జోడీలోని సెర్చ్ కలిశాయి. కుర్రాడి మొదటి మార్పులో సరిగ్గా తిరగబడి కలిశాయి. ఇంటర్వ్యూల్లో అడిగే లీట్‌కోడ్ 528 ఇదే లెక్క, కానీ అక్కడ ప్రతి వెయిట్ కనీసం 1 అని షరతు ఉంటుంది. సున్నా అనే మాటే రాదు కాబట్టి, అక్కడ దాటిపోయిన కోడ్ ఇక్కడ ముందు సున్నాలతో ఎలా ఉంటుందో ఆ సైటు చెప్పదు.

నేను మొదటి జోడీ తీసుకున్నాను. రెండూ లెక్కకి సమానమే, కానీ 0 నుంచి మొదలైతే `range(T)`తో నేరుగా కలుస్తుంది, ఆ అవసరం కింద వస్తుంది.

పరీక్షని మార్చడం

ఒక్క పదం మార్చి డబ్బులు తీసుకుని వచ్చేయొచ్చు. కానీ ఇది మళ్ళీ ఎవరో ఒకరు "సరిచేసే" కోడ్ అని తెలుస్తూనే ఉంది, కాబట్టి పాడైతే వెంటనే అరిచే పరీక్ష కావాలి. పదివేల సార్లు తిప్పే పరీక్ష అరవదని ఇప్పటికే చూశాం.

పాత `pick` చేసే తప్పుడు అలవాటు ఏంటంటే, యాదృచ్ఛిక సంఖ్య తీయడం, అది ఎవరిదో వెతకడం, రెండూ ఒకే ఫంక్షన్‌లో ఉన్నాయి. వీటిని విడదీస్తే వెతికే సగంలో అదృష్టం అనేదే ఉండదు. ఒక `r` ఇస్తే ఒకే జవాబు. అలాంటప్పుడు అంచనాలెందుకు, ఉన్న `r` విలువలన్నీ ఇచ్చి చూడొచ్చు కదా. 600 బస్తాలంటే 600 విలువలే.

```python
def find(prefix, r):
    i = bisect.bisect_right(prefix, r)
    start = prefix[i-1] if i > 0 else 0
    return i, r - start + 1

def check(w):
    prefix = list(itertools.accumulate(w))
    got = [0] * len(w)
    for r in range(prefix[-1]):
        got[find(prefix, r)[0]] += 1
    assert got == w
```

40 బస్తాల లాట్‌కి సరిగ్గా 40 సార్లు రావాలి, 41 వస్తే తప్పు, అంతే. సుమారు అన్న మాట లేదు. దీన్ని `[0,3,5,1]`, `[0,0,4]`, `[4,0,0]`, `[2,0,0,2]`, `[1]` మీద పెట్టాను, ఆపైన ఆ రోజు నాలుగు ఛాంబర్ల అసలు జాబితాల మీదా పెట్టాను. పాత కోడ్‌నీ, కుర్రాడి రెండు మార్పుల్నీ ఇదే పరీక్షలో వేస్తే మూడూ మొదటి జాబితా మీదే పడిపోయాయి. పదివేల సార్లు తిప్పినా కనబడని 41, 30కి బదులు 29, ఇక్కడ కళ్ళెదురుగా వచ్చాయి. ఆ కుర్రాడికి నిజంగా ఎక్కింది ఈ క్షణంలోనే అనుకుంటాను, తరవాత ఆ జాబితాలు తనే పెంచాడు.

మిగిలిన సగం, అంటే సంఖ్య తీయడం, పైథాన్ లైబ్రరీ పని. `randrange` సమానంగా ఇస్తుందో లేదో మనం పరీక్షించాల్సిన పనిలేదు. అయితే ఒక జాగ్రత్త, కొందరు ఒక పెద్ద యాదృచ్ఛిక పూర్ణాంకం తీసి `% T` చేస్తారు. ఆ పెద్ద పరిధి `T`తో నిశ్శేషంగా భాగించబడకపోతే మొదట్లో ఉన్న సంఖ్యలకి కాస్త ఎక్కువ అవకాశం వస్తుంది. ఈ కోడ్‌లో అది లేదు, వేరేచోట చూశాను.

రెండో ఫిర్యాదు, పెద్ద లాట్లు

ఎక్స్‌పోర్టర్ మనిషి అనుమానం ఇంకా తీరలేదు. అంచు తప్పు వల్ల పెద్ద లాట్లకి తగ్గింది ఏమీ లేదు, ఒక్క వంతు తేడా 150 టిక్కీల లాట్‌కి ఎవరికీ కనబడదు. కాబట్టి ఇది వేరే జబ్బు.

`pick`ని పిలిచే చోటికి వెళ్తే దొరికింది. ఐదు లాట్లు ఎంచాలి, ఇంతకుముందే పడిన లాట్ మళ్ళీ పడితే దాన్ని వదిలేసి ఇంకోటి తీయమని ఉంది. ఎవరు అడిగారంటే మేనేజర్ గారే. "ఒకే లాట్ రెండుసార్లు రాస్తే ముఠా వాళ్ళు ప్రింట్ తప్పనుకుని ఒకటే తీస్తారు" అని చెప్పి పెట్టించారట. న్యాయమైన కారణమే. కానీ దాని ఫలితం చూడండి. 600లో 150 టిక్కీలున్న లాట్‌కి రోజుకి ఐదు బస్తాల్లో సగటున ఒకటీపావు రావాలి. మళ్ళీ పడితే వదిలేస్తే ఏ రోజూ ఒకటికి మించదు, కొన్ని రోజులు అసలు పడదు. ఐదు రోజులు కలిపితే 25 బస్తాల్లో ఆరుకి పైగా రావాల్సిన లాట్‌కి నాలుగుకి అటూఇటూ వస్తాయి. ఆ మిగిలినవి చిన్న లాట్లకి పంచబడతాయి. ఎక్స్‌పోర్టర్ మనిషి కన్ను సరిగ్గానే పట్టింది.

మనకి కావాల్సింది వేర్వేరు లాట్లు కాదు, వేర్వేరు బస్తాలు. ఒకే బస్తాని రెండుసార్లు విప్పకూడదు, ఒకే లాట్‌లో రెండు వేరే బస్తాలు విప్పితే తప్పేముంది. ఈ మాట పట్టుకుంటే `r`ని చూసే తీరే మారిపోతుంది. 0 నుంచి 599 దాకా `r` అంటే ఊరికే ఒక సంఖ్య కాదు, ఛాంబర్లో ఒక్కో బస్తాకి ఒక్కో నంబరు. అలాంటి నంబర్లు ఐదు, ఒకదానికొకటి వేరైనవి తీస్తే చాలు:

```python
def plan(prefix, k):
    total = prefix[-1]
    rs = random.sample(range(total), min(k, total))
    return [find(prefix, r) for r in rs]
```

`random.sample` ఎలాగూ వేర్వేరువే ఇస్తుంది, `range` ఇస్తే జాబితా మొత్తం మెమరీలో కట్టదు. `min` ఎందుకంటే సీజన్ చివర ఛాంబర్లో నాలుగే బస్తాలు మిగిలిన రోజు ఐదు అడిగితే `ValueError` వస్తుంది. `find` ఇచ్చే రెండో అంకె ఆ లాట్‌లో ఎన్నో బస్తా అన్నది. ఇక షీట్ మీద లాట్ నంబరు, దాని పక్కన బస్తా నంబరు ప్రింట్ అవుతాయి, కాబట్టి ఒకే లాట్ రెండుసార్లు వచ్చినా ముఠా వాళ్ళు ప్రింట్ తప్పనుకోరు. మేనేజర్ గారి ఇబ్బందికీ జవాబు దొరికింది.

`random.choices`కి `cum_weights` ఇస్తే ఒక్క లైన్లో అయిపోతుంది కదా అని మా స్నేహితుడొకడు అడిగాడు. నిజమే, అది లోపల చేసేదీ ఈ బైనరీ సెర్చే. కానీ అది ఒకసారి తీసినదాన్ని మళ్ళీ తీయగలదు, ఎన్నో బస్తా అనేది చెప్పదు. ఇక్కడ ఆ రెండే మనకి ముఖ్యం. లాటరీ చక్రం తిప్పే యాప్ అయితే నేనూ `choices`నే వాడతాను.

ఈలోపు ఇంకో నిర్ణయం. పొద్దున షీట్ తీశాక మధ్యలో లారీకి సరుకు లోడ్ అయితే బస్తాలు మారతాయి, మొత్తాల వరస పాతదైపోతుంది. ప్రతి మార్పుకీ వరసలో ఆ తరవాతి మొత్తాలన్నీ సరిచేయాలి. స్టాకు నిమిషానికోసారి మారుతూ ప్రతిసారీ ఎంచాల్సి ఉంటే ఫెన్విక్ ట్రీ లాంటిది పెట్టాల్సొచ్చేది, అందులో మార్చడం, వెతకడం రెండూ లాగరిథం ఖర్చుతో అవుతాయి. ఇక్కడ రోజుకొక్కసారే ఎంపిక, ఛాంబర్‌కి 60 లాట్లు. పొద్దున ఆరింటి స్టాకుని ఒక కాపీ తీసి, ఆ కాపీ మీదే వరస కట్టి, కాపీనీ తీసిన `r` విలువల్నీ కలిపి దాచమన్నాను. లాట్ల జాబితా ఒకచోట నుంచీ వరస ఇంకోచోట నుంచీ తెచ్చుకుంటే, మధ్యలో ఎవరైనా జాబితాని వేరే క్రమంలో పెట్టినా ప్రోగ్రాం నోరెత్తదు, తప్పు లాట్ పేరు ప్రింట్ చేస్తుంది.

ఆ దాచిన కాపీ అనుకోని విధంగా పనికొచ్చింది. ఒక రైతు వచ్చి "మా లాటే ఎందుకు విప్పారు, పక్కోళ్ళది ఎందుకు విప్పలేదు" అని గట్టిగా అడిగాడట. మేనేజర్ గారు ఆ రోజు వరస చూపించి, నీ బస్తాలు 311 నుంచి 350 దాకా, పడిన నంబరు 327, అని చెప్పి పంపించారు. ప్రోగ్రామింగ్ తెలియని మనిషికి ప్రిఫిక్స్ సమ్ ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు.

ఇంకా తేలనివి

ఎక్స్‌పోర్టర్ ఇప్పుడు బస్తాల బదులు కిలోల లెక్కన ఎంచమంటున్నాడు, టిక్కీల బరువు అన్నీ ఒకేలా ఉండవు కాబట్టి. దశాంశాలతో కూడుతూ పోతే మొత్తాల్లో చిన్న చిన్న తేడాలు చేరతాయి, `random() * T` మామూలు బరువులకి `T`ని తాకదు కానీ అతి చిన్న సంఖ్యల్లో గుండ్రం అయ్యేటప్పుడు సరిగ్గా `T` అయి కూర్చోవచ్చు, అప్పుడు మళ్ళీ వరస దాటి బయటికి. `random.choices` లోపల కూడా ఈ భయంతోనే సెర్చ్‌ని ఆఖరి అంశం దాటకుండా కట్టేసి ఉంటుంది. నేనైతే కిలోలని వంద గ్రాముల లెక్కన పూర్ణాంకాలు చేస్తాను, అప్పుడు పై పరీక్ష అలాగే పనిచేస్తుంది. కానీ అప్పుడు `r` బస్తా నంబరు కాదు, బస్తాలో ఒక వంద గ్రాములు, కాబట్టి వేర్వేరు `r`లు ఒకే బస్తాలో పడొచ్చు. ఒక్కో బస్తా తూకం విడిగా నమోదు చేస్తే తప్ప అది కుదరదని చెప్పాను. ప్రస్తుతానికి లాట్ మొత్తం తూకమే ఉంది, అందుకని బస్తాల లెక్కే నడుస్తోంది.

రెండోది కోడ్‌తో తీరేది కాదు. షీట్ మీద 17వ బస్తా అని వస్తుంది, కానీ రాశిలో 17వది అంటే ఏది? వెనక వరసల్లో అడుగున ఉన్న టిక్కీని లాగాలంటే ముందున్నవన్నీ దించాలి, ఐదు శాంపిళ్ళ కోసం ఏ ముఠా మేస్త్రీ ఒప్పుకోడు. కింది వరస ఎడమ నుంచి లెక్కపెట్టడం అని ఒక పద్ధతి పెట్టుకున్నారు, అందని బస్తా అయితే దగ్గర్లో అందేదాన్ని తీసి షీట్ మీద "అందలేదు" అని రాస్తున్నారు. ఆ లాట్ కదిలి లోడింగ్‌కి వచ్చినప్పుడు తలుపు దగ్గర లెక్కపెట్టి అసలు నంబరుదాన్ని పక్కకి పెడుతున్నారు. అందలేదు అన్నవి ఎక్కువగా ఏ లాట్లలో వస్తున్నాయో ఆ కుర్రాడే విడిగా రాస్తున్నాడు, వచ్చే సీజన్‌లో పెద్ద లాట్లని రెండు చోట్ల పేర్చాలా వద్దా అన్నది దాన్ని బట్టి చూస్తామన్నారు మేనేజర్ గారు.